‘వస్తుంది’ వేరు, ‘చాలు’ వేరు: అసమానతలను చివరి నుంచి మొదటికి నిరూపించడం

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ముందు బోర్డు మీద ఒక జవాబు రాస్తాను. ఇది నేను దిద్దిన ఒక జవాబుపత్రంలోనిది. రాసినవారు ఎవరో చెప్పను. చెప్పవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇలా రాసినవారు ఆ ఏడాది ఒక్కరే కాదు.

ప్రశ్న ఇది: x² − 2x ≥ 0 అయ్యే ప్రతి వాస్తవ సంఖ్య x కీ x − 1 ≥ √(x² − 2x) అవుతుందా? అవుతుందంటే నిరూపించండి, కాదంటే ప్రత్యుదాహరణ ఇవ్వండి.

జవాబు ఇలా ఉంది:

x − 1 ≥ √(x² − 2x)
(x − 1)² ≥ x² − 2x
x² − 2x + 1 ≥ x² − 2x
1 ≥ 0

దాని కింద, “ఇది నిజం, కాబట్టి ఇచ్చిన అసమానత నిజం” అని రాసి గీత కూడా గీశారు. నాలుగు వరుసలు, శుభ్రమైన చేతిరాత. ఒక నిమిషం చూడండి, తప్పు ఎక్కడుందో వెతకండి.

బీజగణితంలో ఏ తప్పూ లేదు. ఒక వరుస నుంచి తర్వాతి వరుస న్యాయంగానే వచ్చింది. కానీ x = 0 పెట్టి చూడండి. షరతు నెరవేరింది, x² − 2x సున్నా అయింది. ఎడమవైపు −1, కుడివైపు 0. అంటే −1 ≥ 0 అని ఆ జవాబు మనకు నిరూపించి ఇచ్చిందన్నమాట.

వెనక వరుస నుంచి ఎవరో “వర్గం చేశారు కదండీ” అంటున్నారు. అవును, తప్పు పైకి కనిపించేది అక్కడే. కానీ “వర్గం చేయడం ప్రమాదం” అని గుర్తుపెట్టుకుని ఇంటికి వెళితే రేపు వర్గం లేని చోట ఇదే తప్పు మళ్లీ చేస్తాం. అలాంటి ఉదాహరణ కూడా తెచ్చాను, చూపిస్తాను. అసలు చిక్కు చివరి వాక్యంలోని ‘కాబట్టి’లో ఉంది. ఆ జవాబు చూపించింది ఏమిటి? “ఇచ్చిన అసమానత నిజమైతే, 1 ≥ 0 నిజం” అని. చూపవలసింది దాని విపర్యయం.

అబద్ధం నుంచి నిజం పుట్టకూడదని తర్కంలో ఎక్కడా నియమం లేదు. −5 = 5 అనుకోండి. రెండు వైపులా వర్గం చేస్తే 25 = 25. నిజమే వచ్చింది, అయినా −5 మాత్రం 5 కాలేదు. ఇంకా సులభమైన దారి చెప్పనా? మీకు నచ్చిన ఏ అసమానతనైనా తీసుకుని రెండు వైపులా సున్నాతో గుణించండి. 0 ≥ 0 వస్తుంది. నిజం రాగానే నిరూపణ పూర్తయినట్టే అనుకుంటే, ఇక ప్రపంచంలో నిరూపించలేని అసమానత అంటూ ఉండదు. (నవ్వులు)

ఇక్కడ కొందరు ఉపాధ్యాయులు రెండో అంచుకు వెళ్లిపోతారు. “నిరూపించవలసిన దాన్ని ఎప్పుడూ మొదటి వరుసలో రాయకూడదు” అని కచ్చితంగా నిషేధిస్తారు. నేను దానితో ఏకీభవించను. ఎందుకో అందరికీ తెలిసిన ఉదాహరణతోనే చెబుతాను. a, b రుణాత్మకం కాని సంఖ్యలు. వాటి అంకమధ్యమం గుణమధ్యమం కంటే తక్కువ కాదని చూపాలి.

(a + b)/2 ≥ √(ab)
a + b ≥ 2√(ab)
a − 2√(ab) + b ≥ 0
(√a − √b)² ≥ 0

దీన్ని కింది నుంచి పైకి చదివితే చక్కని నిరూపణ. కానీ కింది వరుస ముందుగా ఎవరికి తడుతుంది? తెల్ల కాగితం ముందు కూర్చుని, ఏ కారణమూ లేకుండా “√a నుంచి √b తీసివేసి వర్గం చేద్దాం” అని అనుకునేవారు ఉండరు. చేరవలసిన చోటి నుంచి వెనక్కి నడిచినప్పుడే ఆ వరుస కనబడుతుంది. పాఠ్యపుస్తకాలు ఆ నడకను చెరిపేసి, తిరుగు ప్రయాణం మాత్రం అచ్చు వేస్తాయి. చదివేవారికి అది గారడీలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ విషయం గ్రీకులకు బాగా తెలుసు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన పాపస్ దీన్ని రెండు భాగాలుగా వివరించాడు. మొదటి భాగం విశ్లేషణ: కావలసిన దాన్ని ఉన్నదే అనుకుని, దాని నుంచి ఏమేమి వస్తాయో చూస్తూ, ముందే తెలిసిన ఒక విషయం దాకా వెళ్లడం. రెండోది సంశ్లేషణ: ఆ తెలిసిన విషయం నుంచి బయలుదేరి, వచ్చిన దారినే తిరిగి కావలసిన చోటికి రావడం. నిరూపణ అనేది రెండో భాగం. మన జవాబుపత్రాల్లో మొదటి భాగం రాసి కలం మూసేస్తారు. అంకమధ్యమం ఉదాహరణలో తిరుగు దారి తెరిచే ఉంది కాబట్టి ఆ బద్ధకం బయటపడదు. x − 1 ఉదాహరణలో దారి మూసి ఉంది కాబట్టి బయటపడింది.

దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి మన భాషలోనే రెండు మాటలున్నాయి. మొదటిది ‘వస్తుంది’, రెండోది ‘చాలు’. పై వరుస నుంచి కింది వరుస ‘వస్తుంది’ అంటే బాణం కిందికి ఉంది. పై వరుస నిరూపించడానికి కింది వరుస చూపితే ‘చాలు’ అంటే బాణం పైకి ఉంది. చివరి నుంచి నడిచేటప్పుడు మనకు ప్రతి మెట్టు దగ్గరా కావలసింది ఈ రెండో మాటే. మొదటి మాట ఎన్నిసార్లు నిజమైనా ప్రయోజనం లేదు.

ఇప్పుడు ఆ జవాబును ఈ మాటతో చదువుదాం. x − 1 ≥ √(x² − 2x) అని చూపాలి. అందుకు (x − 1)² ≥ x² − 2x అని చూపితే సరిపోతుందా? గొంతు విప్పి అడిగితే ఇక్కడ ఆగుతాం. ఆగాలి.

ఆగి, తిరుగు దారిలో నడుద్దాం. 1 ≥ 0 నిజం. రెండు వైపులా x² − 2x కలిపితే (x − 1)² ≥ x² − 2x వచ్చింది. ఇంతవరకు ఏ అభ్యంతరమూ లేదు. ఇప్పుడు రెండు వైపులా వర్గమూలం తీయాలి. కుడివైపు √(x² − 2x) వస్తుంది. ఎడమవైపు వచ్చేది x − 1 కాదు, |x − 1|. కాబట్టి ఆ నాలుగు వరుసలు నిజంగా నిరూపించింది ఇదీ:

|x − 1| ≥ √(x² − 2x)

ఇది మంచి ఫలితమే, షరతు నెరవేరే ప్రతి x కీ నిజమే. అడిగింది మాత్రం ఇది కాదు. తేడా ఎంతో కూడా లెక్క తేలుతుంది. x(x − 2) ≥ 0 కావాలంటే x ≥ 2 అయినా కావాలి, x ≤ 0 అయినా కావాలి. x ≥ 2 అయినప్పుడు |x − 1| అంటే x − 1 ఏ, కాబట్టి అసలు అసమానత నిజం. x ≤ 0 అయినప్పుడు x − 1 అనేది −1 గానీ, ఇంకా తక్కువగా గానీ ఉంటుంది. కుడివైపు వర్గమూలం సున్నాకు తగ్గదు. కాబట్టి అక్కడ ఒక్క x కి కూడా అది నిజం కాదు. ఏదో ఒక మూల జారిపోయిన అపవాదం కాదిది, ఒక పక్క మొత్తం అబద్ధం. అయినా ఆ నాలుగు వరుసల్లో దాని ఆనవాలు కూడా లేదు.

మొదటి వరుస పైన “x ≥ 2 అనుకుందాం, అప్పుడు రెండు వైపులా రుణాత్మకం కావు” అని ఒక్క మాట రాసి ఉంటే ఆ భాగానికి అవే నాలుగు వరుసలు పూర్తి నిరూపణ అయ్యేవి. రెండు వైపులా రుణాత్మకం కానప్పుడు వర్గం చేయడానికి తిరుగు దారి ఉంటుంది. ఘనం చేయడానికైతే గుర్తుతో పని లేకుండా ఎప్పుడూ ఉంటుంది. ఏదైనా కలపడానికి, తీసివేయడానికి, ధన సంఖ్యతో గుణించడానికి ఉంటుంది. ధనమో రుణమో తెలియని రాశితో గుణించడానికి మాత్రం లేదు. x + 1/x ≥ 2 ను x తో గుణించి (x − 1)² ≥ 0 దాకా వచ్చేవారు x = −1 దగ్గర −2 ≥ 2 అని కూడా నిరూపిస్తున్నారు. ఇది తేలికైన విషయం, ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు ఇందాక చెప్పిన రెండో ఉదాహరణ. ఇందులో వర్గమూలాలు లేవు, రుణ సంఖ్యలు లేవు, హారాలు లేవు. పైగా రాసినవారు ‘చాలు’ అన్న మాటే వాడతారు. నా మంత్రం కూడా పారదు.

a, b, c ధన సంఖ్యలు, వాటి మొత్తం 3. అప్పుడు ab + bc + ca ≥ 3 అని ఒకరు అంటున్నారు. నిరూపణ ఇలా సాగుతుంది. మనకు తెలిసినదే, a² + b² + c² ≥ ab + bc + ca. కాబట్టి a² + b² + c² ≥ 3 అని చూపితే చాలు. ఇది ఎలాగూ నిజమే, ఎందుకంటే 3(a² + b² + c²) ≥ (a + b + c)² = 9. నిరూపణ అయిపోయింది.

అందులో వాడిన రెండు అసమానతలూ నిజమే. రెండూ పేరున్నవే. ఇప్పుడు a = 2, b = 1/2, c = 1/2 పెట్టండి. మొత్తం 3, షరతు సరే. ab = 1, bc = 1/4, ca = 1. కలిపితే 2.25. ఇది 3 కంటే తక్కువ. వర్గాల మొత్తం 4 + 1/4 + 1/4, అంటే 4.5. అది మాత్రం 3 దాటింది.

ఏమైందో ఈ మూడు సంఖ్యలను వరుసలో పెడితే తెలుస్తుంది: 2.25, 3, 4.5. మన రాశి 2.25 దగ్గర ఉంది. దాని స్థానంలో దాని కంటే పెద్దదైన 4.5 ను నిలబెట్టి, “ఇది 3 దాటింది చూడండి” అన్నారు. తమ్ముడు అటక అందుకోగలడా అని అడిగితే, తమ్ముడి కంటే పొడగరి అయిన అన్నను తెచ్చి అందుకున్నట్టు చూపించడం లాంటిదిది. అన్న అందుకున్నాడన్నది నిజమే. తమ్ముడి గురించి దానివల్ల మనకు ఏమీ తెలియలేదు.

కాబట్టి ‘చాలు’ అని రాసినంత మాత్రాన చాలదు, అది ఎందుకు చాలుతుందో చూడాలి. ఎక్కువ అని చూపవలసిన వైపును తగ్గించవచ్చు గానీ పెంచకూడదు. తక్కువ అని చూపవలసిన వైపును పెంచవచ్చు గానీ తగ్గించకూడదు. అంటే మన పనిని మనమే కష్టతరం చేసుకోవాలి. ఒక మెట్టు తర్వాత పని సులువైపోయిందనిపిస్తే, దారి తప్పామేమోనని అనుమానించడం మంచిది. పై నిరూపణలో సరిగ్గా అదే జరిగింది, అబద్ధాన్ని నిరూపించే పని ఒక్క మెట్టులో నిజాన్ని నిరూపించే పనిగా మారిపోయింది.

నిజానికి ఇక్కడ రావలసిన ఫలితం తలకిందులుగా ఉంటుంది. 9 = (a + b + c)² = (a² + b² + c²) + 2(ab + bc + ca). మొదటి కుండలీకరణం రెండోదాని కంటే తక్కువ కాదు కాబట్టి 9 ≥ 3(ab + bc + ca). అంటే ab + bc + ca ఎప్పుడూ 3 దాటదు. మూడూ 1 అయిన ఒక్క సందర్భంలో తప్ప ఆ వాదన ఎక్కడా నిజం కాదు.

ఈ ‘ఒక్క సందర్భం’ దగ్గర కాస్త ఆగుతాను. పోటీ పరీక్షలకు తయారయ్యేవారికి ఒక అలవాటు నేర్పుతారు: అసమానతలో రెండు వైపులా సమానమయ్యే చోటు ఏదో కనుక్కోండి, ప్రతి మెట్టులోనూ అక్కడ సమానత్వం నిలిచిందో లేదో చూడండి, అని. మంచి అలవాటే. ఇక్కడ ఆ పరీక్ష చేయండి. a = b = c = 1 దగ్గర ab + bc + ca = 3, a² + b² + c² = 3, అన్నీ సమానమే. పరీక్షలో పూర్తిగా నెగ్గింది, నిరూపణ మాత్రం చెల్లదు! ఎందుకంటే సమానమైన చోట బాణం ఎటున్నా ఒకటే, అక్కడ నిలబడి దిక్కు తెలుసుకోలేం. ఆ పరీక్ష పట్టుకునేది వేరే తప్పును, అంటే ఎడమవైపును అవసరానికి మించి తగ్గించేయడాన్ని. దిక్కు తెలియాలంటే సమానత్వానికి దూరంగా వెళ్లి, 2, 1/2, 1/2 లాంటి వంకర సంఖ్యలతో ఒకసారి చూడాలి. అర నిమిషం పని.

ప్రశ్న ఉన్నట్టుంది, అడగండి.

*“చివర నిజం వస్తే నమ్మకూడదన్నారు. మరి చివర అబద్ధం వస్తే? అప్పుడు మొదటి అసమానత తప్పని తేల్చేయవచ్చా?”*

మంచి ప్రశ్న. దీనికి జవాబు కూడా ఆ రెండు మాటల మీదే ఆధారపడింది. మీరు ‘వస్తుంది’ దారిలో నడిచి అబద్ధానికి చేరితే, అవును, మొదటిది అబద్ధమే. నిజం నుంచి సరైన మెట్ల మీద దిగితే అబద్ధం రాదు. కానీ ‘చాలు’ దారిలో నడిచి అబద్ధానికి చేరితే మొదటిదాని గురించి మీకు ఏమీ తెలియలేదు. మీరు అవసరానికి మించి కోరుకున్నారు, అంతే.

నెస్‌బిట్ పేరుతో 1903 నుంచి ప్రసిద్ధమైన అసమానతను చూడండి. a, b, c ధన సంఖ్యలైతే

a/(b + c) + b/(c + a) + c/(a + b) ≥ 3/2

మొదటిసారి చూసినవారికి తట్టే ఆలోచన ఏమిటంటే, ఒక్కొక్క భిన్నమూ 1/2 కంటే తక్కువ కాదని చూపితే చాలు. ఈ ‘చాలు’ నిజాయితీ అయినదే. కానీ a = 1, b = c = 2 పెడితే మొదటి భిన్నం 1/4. కాబట్టి ఏది చూపితే చాలునన్నామో అదే అబద్ధంగా తేలింది. నెస్‌బిట్ అసమానత మాత్రం చెక్కుచెదరలేదు. అదే సంఖ్యలతో మొత్తం 1/4 + 2/3 + 2/3, అంటే 19/12, 3/2 కంటే ఎక్కువే. మూసుకుపోయింది ఆ ఒక్క దారి మాత్రమే.

ఇంకో దారిలో వెళదాం. హారాలన్నీ ధనాత్మకం కాబట్టి 2(a + b)(b + c)(c + a) తో రెండు వైపులా గుణించవచ్చు, తిరిగి రావచ్చు కూడా. విప్పి చూస్తే రెండు వైపులా ఉన్న 6abc కొట్టుడుపోయి మిగిలేది ఇదీ:

2(a³ + b³ + c³) ≥ a²b + ab² + b²c + bc² + c²a + ca²

విప్పే పని ఇంటి దగ్గర చేసుకోండి, ఇక్కడ మీ ముందు చేస్తే ఏదో ఒక పదం వదిలేస్తాను. ఇప్పుడు కుడివైపును జతలుగా చూడండి. a³ + b³ ≥ a²b + ab² అని చూపి, అలాంటివి మూడు కలిపితే చాలు. ఇక్కడ గమనించండి, కలపడం ఒకవైపు మెట్టు. మూడు అసమానతల నుంచి వాటి మొత్తం వస్తుంది, మొత్తం నుంచి ఆ మూడూ విడిగా రావు. అయినా మనకు బాధ లేదు, మనకు కావలసిన బాణం పైకే ఉంది. తిరుగు దారి అంటే రెండు వైపులా తెరిచి ఉండాలని కాదు, కింది నుంచి పైకి ఎక్కగలిగితే అంతే.

ఇక ఆ జత విషయానికొస్తే, a³ + b³ − a²b − ab² = (a + b)(a − b)². ధన సంఖ్యల మొత్తాన్ని ఒక వర్గంతో గుణిస్తే వచ్చినది రుణాత్మకం కాదు. అడుగు వరుస దొరికింది. అక్కడి నుంచి పైకి ఎక్కితే నెస్‌బిట్.

*“పరీక్షలో ప్రతిసారీ తలకిందులు చేసి మళ్లీ రాయాలా? సమయం ఉండదు కదండీ.”*

అక్కర లేదు. చివరి నుంచి మొదటికి రాసిన జవాబును అలాగే ఉంచండి. వరుసకూ వరుసకూ మధ్య ‘చూపితే చాలు’ అని రాయండి, లేదా ⇐ గుర్తు పెట్టండి. ఏ మెట్టులో షరతు అవసరమైందో అక్కడే పక్కన రాయండి, “హారం ధనాత్మకం”, “రెండు వైపులా రుణాత్మకం కావు” అని. దిద్దేవారు వెతికేది ఆ రెండు మూడు మాటల కోసమే. గుర్తులేవీ లేకుండా వరుసల కింద వరుసలు పేర్చి వదిలేస్తే, బాణం ఎటుందో మేము ఊహించుకోవాలి. నేనైతే ఊహించను.

మొదట చూపిన ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేశానని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. సున్నా వేశాను, పక్కన ఎర్ర సిరాతో “x = 0?” అని రాశాను. అదే కట్టలో మరో జవాబుపత్రం ఉంది. అవే నాలుగు వరుసలు, అదే క్రమం. పైన “x ≥ 2 అయినప్పుడు రెండు వైపులా రుణాత్మకం కావు, కాబట్టి కింది ప్రతి వరుస చూపితే చాలు” అని, కింద “x = 0 అయితే −1 ≥ 0, కనుక ప్రతి x కీ నిజం కాదు” అని ఉంది. దానికి పూర్తి మార్కులు వేశాను.